సంఘం మీటింగ్‌లో మెనోపాజ్ గురించి అరగంట మాట్లాడాలి. ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి?

నాగావళి (గజపతినగరం వైపు)

అందరికీ నమస్కారం. మా ఊళ్ళో పొదుపు సంఘాల లెక్కలు నేనే రాస్తాను. వచ్చే నెల గ్రామైక్య సంఘం మీటింగ్‌లో అప్పుల లెక్కలు అయిపోయాక ఆడవాళ్ళ ఆరోగ్యం మీద ఒక అరగంట మాట్లాడమన్నారు. మెనోపాజ్ గురించి చెప్తానని ఒప్పేసుకున్నాను. వచ్చేది నలభై మంది పైనే. ఏ కొద్దిమందో తప్ప అందరూ యాభై దాటినవాళ్ళే. అత్తా కోడళ్ళు పక్కపక్కనే కూర్చుంటారు. వరసకి వదినలు ఒక మూల, నన్ను చిన్నప్పుడు ఎత్తుకు తిప్పిన పెద్దమ్మలు ఇంకో మూల.

నేను రాసుకున్నది ఇదీ: మెనోపాజ్ అంటే ఏమిటి, ఏ వయసులో వస్తుంది, నెలసరి తప్పుతూ తప్పుతూ ఎలా ఆగిపోతుంది, ఒంట్లో ఆవిర్లు, చిరాకు, ఏం తినాలి, యోగా. చదివి చూసుకుంటే నాకే నిద్రొచ్చింది. ఇందులో ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి? ఇంకోటి, ఎవరికి ఏ బాధ ఉందో చేతులెత్తమంటే ఒక్కరూ ఎత్తరు. వాళ్ళ సంగతి తెలియకుండా మాట్లాడటం ఎలా?

సిస్టరమ్మ (రిటైర్డ్ హెడ్ నర్సు, శ్రీకాకుళం)

అమ్మా నాగావళీ, ముందు "నెలసరి ఎలా తప్పుతుంది" అన్న భాగం కొట్టెయ్యి. మన దేశంలో ఆడవాళ్ళకి ముట్లు ఆగిపోయేది సగటున 46, 47 ఏళ్ళకి. నీ ముందు కూర్చునేది యాభై దాటినవాళ్ళు. చాలామందికి ఆగిపోయి ఐదారేళ్ళు అయి ఉంటుంది. వాళ్ళకి తెలియాల్సింది ఆగిపోయాక ఏం జరుగుతుంది అన్నది. అందులోనూ ఒక్క మాట మాత్రం ఇంటికి పట్టుకెళ్ళాలి: ఏడాది పాటు పూర్తిగా ఆగిపోయాక మళ్ళీ ఎప్పుడు రక్తం కనిపించినా, చిన్న మరకైనా సరే, ఆసుపత్రిలో చూపించుకోవాలి. మిగతావన్నీ మరిచిపోయినా ఫరవాలేదు.

ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే, నా సర్వీసులో ఆలస్యంగా వచ్చినవాళ్ళు అందరూ ఒకటే చెప్పేవారు. "మళ్ళీ ముట్టొచ్చింది సిస్టరమ్మా, ఒంట్లో ఇంకా సత్తువ ఉందనుకున్నాను" అని. కొందరైతే సంతోషపడ్డారు కూడా.

చేతులెత్తించే పని పెట్టుకోకు. నాలుగు ఖాళీ డబ్బాలు తీసుకో, హార్లిక్స్ డబ్బాలైనా సరే. మూతకి చింతపిక్క పట్టేంత కన్నం పెట్టు. మీటింగ్ గది పక్కన వసారాలో, తలుపు చాటున బల్ల మీద వరసగా పెట్టు. మొదటిది ఇంకా నెలసరి వస్తున్నవాళ్ళకి, రెండోది ఆగిపోయినవాళ్ళకి, మూడోది గర్భసంచి ఆపరేషన్ అయినవాళ్ళకి. అందరూ ఒక్కొక్కరుగా వెళ్ళి తమ డబ్బాలో ఒక పిక్క వెయ్యాలి. నాలుగోది, ఆగిపోయిన తరవాత ఎప్పుడైనా మరక కనిపించినవాళ్ళకి. వాళ్ళు రెండో పిక్క వేస్తారు. చదువు రానివాళ్ళు ఉంటారు కాబట్టి డబ్బాలకి రంగు కాగితాలు అంటించి, ఏ రంగు దేనికో ముందే రెండుసార్లు నోటితో చెప్పు. అందరి చేతికీ రెండేసి పిక్కలు ఇవ్వు. మిగిలిన పిక్క కొంగున కట్టుకుని ఇంటికి పోతారు, ఎవరు ఎన్ని వేశారో ఎవరికీ తెలియదు.

పద్మ_పొందూరు

మంచి ఐడియా సిస్టర్ గారూ. కానీ ఆపరేషన్ అయినవాళ్ళకి డబ్బా ఎందుకండీ? గర్భసంచే లేనప్పుడు మెనోపాజ్ ఏముంటుంది? వాళ్ళకి ఆ రోజుతోనే అయిపోయింది. వాళ్ళని లెక్కల పని చూసుకోమంటే సరిపోతుంది.

డాక్టరమ్మ_విజయనగరం

పద్మ గారూ, ముట్లు ఆగిపోవడం వరకూ మీరు చెప్పింది నిజమే. మిగతాది అక్కడితో అవ్వదు. అసలు మన రాష్ట్రంలో ఈ టాక్ వినాల్సినవాళ్ళు వాళ్ళే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళు ఎక్కువగా ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లోనే. 15 నుంచి 49 ఏళ్ళ లోపువాళ్ళలోనే నూటికి దాదాపు 9 మంది. యాభై దాటినవాళ్ళ గదిలో ఇంకా ఎక్కువే ఉంటారు.

ఒంట్లో హార్మోన్ తయారయ్యేది గర్భసంచిలో కాదు, పక్కనున్న అండాశయాల్లో. సంచి ఒక్కటే తీసి అండాశయాలు వదిలేస్తే నెలసరి ఆగుతుంది, హార్మోన్ మాత్రం వస్తూనే ఉంటుంది. తరవాత అది తగ్గడం మొదలైనప్పుడు నెలసరి ఆగిందన్న గుర్తు ఉండదు కాబట్టి ఈ చెమటలూ ఈ నిద్రలేమీ ఎందుకో వాళ్ళకి అర్థం కాదు. పైగా ఆపరేషన్ అయినవాళ్ళలో అది మామూలుకన్నా ఒకట్రెండు ఏళ్ళు ముందే రావచ్చు. అండాశయాలు కూడా తీసేస్తే వారం, పది రోజుల్లోనే అన్నీ ఒక్కసారిగా మొదలవుతాయి. నలభై లోపే అలా తీసేసినవాళ్ళకి ఎముకలు త్వరగా బలహీనపడతాయి. గుండెజబ్బు ముప్పు కూడా పెరుగుతుంది.

చాలామందికి తమకి ఏం తీశారో తెలియదు. "అంతా తీసేశారు" అంటారు. డిశ్చార్జి కాగితం ఇనప్పెట్టెలోనో, బియ్యం డబ్బా కిందో ఉంటుంది, వెతికించండి. అందులో టి.ఏ.హెచ్ అని మాత్రమే ఉంటే సంచి తీసినట్టు. పక్కన బి.ఎస్.ఓ అని కూడా ఉంటే రెండు అండాశయాలూ తీసినట్టు. ఈ రెండు ముక్కలూ బోర్డు మీద పెద్దగా రాయండి నాగావళి గారూ. చదువుకున్న మనవళ్ళ చేత చూపించుకుంటారు.

రమణి_రాజాం

అక్కా, నాకు 43. నాలుగు నెలలుగా నెలసరి రాలేదు. ఒళ్ళు నొప్పులు, చిరాకు. ఇది మెనోపాజేనా? ఏ టెస్టు చేయించుకోవాలో కాస్త రాయండి ప్లీజ్. టెన్షన్‌గా ఉంది.

సిస్టరమ్మ

రమణీ, ఇక్కడ మాట్లాడేది ఆగిపోయినవాళ్ళ గురించి. సరే, అడిగావు కాబట్టి చెప్తాను. మొదట మెడికల్ షాపులో ప్రెగ్నెన్సీ స్ట్రిప్ కొని పొద్దున్నే చూసుకో. నవ్వకు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందని ధైర్యంగా ఉన్నవాళ్ళకి కూడా నేను చూశాను. అది లేదని తేలాక థైరాయిడ్, షుగర్. నాలుగు నెలలకే మెనోపాజ్ అనుకోకు, వరసగా పన్నెండు నెలలు రాకపోతేనే ఆ మాట. నీకు ఆర్నెల్ల తరవాత కూడా మళ్ళీ రావచ్చు. ఆ రావడం ప్రమాదం కాదు, ఏడాది దాటాక రావడమే ప్రమాదం. మిగతా సంగతులు వేరే చర్చలో అడుగు తల్లీ, ఇది చెదిరిపోతుంది.

జీడిపిక్క_పలాస

మాది జీడిపప్పు బట్టీ. నేను పనిచేసే చోట ఇరవై మంది ఆడవాళ్ళం. బాయిలర్ పక్కన కూర్చుంటే ఎలాగూ చెమటలే, అందుకే నాకు ఈ ఆవిర్లు వస్తున్నాయని ఏడాది దాకా తెలియలేదు. ఒకరోజు ఆదివారం, ఇంట్లో ఫ్యాన్ కింద కూర్చుని చిక్కుడుకాయలు గిల్లుతున్నాను. ఛాతీ దగ్గర మొదలై మెడకి, మొహానికి పాకింది. ముక్కు మీద చెమట పూసలు. నిమిషం, రెండు నిమిషాలు. తరవాత జాకెట్టు తడిసి చలి. మా అప్ప "ఒంటికి వేడి చేసింది, మజ్జిగ తాగు" అంది. తాగాను. మళ్ళీ సాయంత్రం వచ్చింది.

మీటింగ్‌లో ఈ సంగతి వివరంగా చెప్పండక్కా. బట్టీలో మేనేజరు "ఎందుకు మాటిమాటికీ లేస్తావు" అంటాడు, ఏం చెప్పాలో తెలియదు.

డాక్టరమ్మ_విజయనగరం

మీరు చెప్పినంత బాగా నేను కూడా చెప్పలేను. ఛాతీ నుంచి పైకి పాకడం, కొన్ని నిమిషాల్లో తగ్గడం, తరవాత చలి. ఆవిరి అంటే అదే.

ఎందుకొస్తుందో చెప్పాలంటే ఇస్త్రీపెట్టె చూపించండి. వేడెక్కితే దానంతట అదే ఆగే బటన్ ఉంటుంది కదా. మన మెదడులో కూడా ఒంటి వేడిని చూసుకునే చోటు ఒకటి ఉంది. హార్మోన్ తగ్గాక ఆ బటన్ మరీ సున్నితం అవుతుంది. ఒంట్లో వేడి కొంచెం పెరిగినా, ఒక గ్లాసు వేడి టీ తాగినా, చాలా వేడెక్కిపోయిందని పొరబడి చెమట పట్టించేస్తుంది. తిన్నది వేడి చేసి కాదు. అందుకే మజ్జిగ తాగితే హాయిగా ఉంటుందేమో కానీ జబ్బు తగ్గదు. కొందరికి రెండేళ్ళలో పోతుంది, చాలామందికి ఏడేళ్ళ దాకా ఉంటుంది. "ఆర్నెల్లు ఓర్చుకో" అని మాత్రం ఎవరికీ చెప్పకండి.

ఒక జాగ్రత్త. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళకి చెమటతోపాటు చేతులు వణికి, ఆకలి వేస్తే అది ఆవిరి కాదు, షుగర్ పడిపోవడం. వెంటనే పంచదార నోట్లో వేసుకోవాలి. చెమటతోపాటు గుండె మీద బరువు పెట్టినట్టుంటే 108కి ఫోన్ చెయ్యాలి. యాభై దాటిన ఆడవాళ్ళలో గుండెపోటుని మెనోపాజ్ అనుకుని ఇంట్లో కూర్చోబెట్టడం నేను చూశాను.

కవిటి_కొబ్బరితోట

ఆడవాళ్ళ చర్చలో మాట్లాడుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా ఆవిడ తరఫున రాస్తున్నాను, తను ఫోన్‌లో టైపు చెయ్యదు. ముట్లు ఆగిన దగ్గర్నుంచి మోకాళ్ళు, వేళ్ళ కణుపులు ఒకటే నొప్పులు. ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇచ్చే నొప్పి మాత్ర వేసుకుంటే గంటలో లేచి పని చేసుకుంటుంది. రోజూ వేసుకుంటోంది. మాది ఉద్దానం. మీకు తెలుసు కదా ఇక్కడి సంగతి.

సిస్టరమ్మ

బాబూ, ఆపించండి. ఈ రోజే. మెనోపాజ్‌లో కీళ్ళు పట్టెయ్యడం నిజమే. కానీ కిడ్నీలు ఇంతమందికి పాడైన ప్రాంతంలో రోజూ నొప్పి మాత్ర వేసుకోవడం చాలా ప్రమాదం. ముందు రక్తంలో క్రియాటినిన్ చూపించండి, ప్రభుత్వ ఆసుపత్రిలో చేస్తారు. అది తెలియకుండా కాల్షియం మాత్రలు కూడా మొదలుపెట్టకండి. మామూలు మనిషికి కాల్షియం మంచిదే, కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళకి లెక్క వేరు. రిపోర్టు వచ్చేదాకా నొప్పికి పారాసిటమాల్, వేడి కాపడం. చోడి అంబలి కూడా మామూలు మనుషులకి మంచిదే, క్రియాటినిన్ ఎక్కువుంటే ఏం తినాలో డాక్టరే చెప్పాలి.

నాగావళీ, మీ ఊరు ఉద్దానం కాదు కానీ ఈ ముక్క అక్కడ కూడా చెప్పు. మన రెండు జిల్లాల్లోనూ నొప్పి మాత్ర తినడం ఒక అలవాటుగా మారింది.

నాగావళి

డాక్టరమ్మ గారూ, అందరికన్నా నాకు భయంగా ఉన్నది ఆ మరక గురించి చెప్పడమే. "రక్తం కనిపిస్తే ఆసుపత్రికి వెళ్ళండి" అని చెప్పి వదిలేస్తే కాన్సర్ అని హడలిపోతారు, లేదా అసలు వెళ్ళరు. అక్కడికి వెళ్తే ఏం చేస్తారో చెప్పగలిగితే బాగుంటుంది. వాళ్ళు అడిగేది అదే.

డాక్టరమ్మ_విజయనగరం

మంచి ప్రశ్న. ఒక కేసు చెప్తాను, ఊరూ పేరూ వద్దు.

ఆమెకి 57. యాభైలో ఆగిపోయాయి. పదేళ్ళుగా షుగర్, కాస్త భారీ మనిషి. ఒకరోజు లంగాకి ఇటుకరంగు మరక. రెండు రోజులు ఉండి పోయింది. నెలన్నర తరవాత మళ్ళీ. దగ్గర్లో చూపిస్తే రక్తం ఆగే మాత్రలు ఇచ్చారు. ఆగింది. ఆగింది కాబట్టి తగ్గిందనుకున్నారు. మూడోసారి నీళ్ళలాగా, వాసనతో వచ్చింది. అప్పుడు కోడలు తీసుకొచ్చింది. నేను చెప్పదలుచుకున్నది ఇక్కడే ఉంది. ఆ మాత్ర రక్తాన్ని ఆపుతుంది, రక్తం ఎందుకొచ్చిందో ఆ కారణాన్ని కాదు.

మొదట పడుకోబెట్టి లోపల అద్దంలాంటి పరికరంతో చూశాం. గర్భసంచి ముఖద్వారం, యోని గోడలు బాగానే ఉన్నాయి. తరవాత స్కాన్. ఇక్కడే చాలామంది లేచి వెళ్ళిపోతారు, ఎందుకంటే ముందు ఎవరూ చెప్పరు. కాబట్టి మీరు చెప్పండి: పొట్ట మీద చేసే స్కాన్‌లో లోపలి పొర సరిగా కనపడదు. బొటనవేలంత లావుండే కర్రలాంటిది, దానికి కొత్త తొడుగు వేసి, జెల్ రాసి, యోనిలో నుంచి చూస్తారు. మూత్రానికి వెళ్ళి వచ్చి పడుకోవాలి. ఐదు, పది నిమిషాలు. కొంచెం ఇబ్బంది, నొప్పి పెద్దగా ఉండదు. నొప్పిగా ఉంటే ఆపమని చెప్పొచ్చు. పక్కన ఆడమనిషి ఉండాలని అడిగే హక్కు ఉంది, అడగమనండి.

ఆ స్కాన్‌లో గర్భసంచి లోపలి పొర మందం కొలుస్తారు. ముట్లాగిన మనిషికి అది 4 మిల్లీమీటర్లు లేదా అంతకు తక్కువ ఉంటే కాన్సర్ ఉండే అవకాశం చాలా తక్కువ. అయినా మరక మళ్ళీ మళ్ళీ వస్తుంటే వదలకూడదు. ఈమెకి 14 ఉంది. సన్నటి గొట్టం లోపలికి పంపి పొర ముక్క కొంచెం తీశాం. ముట్టు నొప్పిలాంటిది ఒక నిమిషం వస్తుంది, మత్తు అవసరం లేదు. పరీక్షలో కాన్సర్ అని వచ్చింది, కానీ పొర దాటి లోతుకి పోలేదు. గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ఆ తరవాత కరెంటు పెట్టించుకోవాల్సిన అవసరం కూడా రాలేదు. ఆరోగ్యశ్రీ కార్డు మీదే జరిగింది. మొదటి మరకకే వచ్చి ఉంటే ఇంకా తేలికయ్యేది. ఇంకో ఏడాది ఆగి ఉంటే నేను ఈ కథ ఇలా చెప్పేదాన్ని కాదు.

ఇది వినగానే గదిలో నిశ్శబ్దం అయిపోతుంది. వెంటనే రెండో మాట చెప్పండి. ఇలా మరకతో వచ్చిన పది మందిలో దాదాపు తొమ్మిది మందికి కాన్సర్ కాదు. ఎక్కువమందికి పొర, యోని పొడిబారి సన్నబడి, రాపిడికి కాస్త రక్తం వస్తుంది. కొందరికి లోపల చిన్న కండ. ఇంకొందరికి గర్భసంచి జారి బయటికి వచ్చి, బట్టకి రాసుకుని పుండు పడి ఉంటుంది. ఏదైనా వైద్యం ఉన్నదే. ఆ పదోవాళ్ళు ఎవరో తెలుసుకోవడానికే పది మందినీ చూడాలి.

పద్మ_పొందూరు

రక్తం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియకపోతేనో మేడం? మా అత్తయ్యగారికి మొలలు కూడా ఉన్నాయి. ఆమె అన్నీ మొలలే అంటుంది.

సిస్టరమ్మ

పద్మా, మంచి మాట అడిగావు. తెల్లటి పాత నూలు బట్ట ఉతికి ఆరబెట్టింది ఒక రోజంతా పెట్టుకోమను. మూత్రానికి వెళ్ళాక ముందువైపు ఒక ముక్కతో, దొడ్డికి వెళ్ళాక వెనక వైపు ఇంకో ముక్కతో అద్దుకుని చూసుకోవాలి. వెనక ముక్కకే ఎర్రగా ఉంటే మొలలు కావచ్చు. మూత్రమే ఎర్రగా వస్తే అది వేరే జబ్బు, అది కూడా చూపించుకోవాల్సిందే. ఏ పనీ చెయ్యకుండా బట్టకి మరకైతే యోని నుంచి అనుకోవాలి. తేలకపోతే వాదించుకోకుండా తీసుకెళ్ళు.

ఇంకోటి నాగావళీ, ఆ రోజు ఏఎన్ఎంని పిలిచి అందరినీ వెల్‌నెస్ సెంటర్‌లో గర్భసంచి ముఖద్వారం కాన్సర్ పరీక్షకి రాయించెయ్యి. అది బాగుంటే ధైర్యం.

డాక్టరమ్మ_విజయనగరం

సిస్టర్, ఇక్కడ మీతో ఏకీభవించను. ఆ పరీక్షలో ముఖద్వారం మీద ఆమ్లం రాసి తెల్ల మచ్చ వస్తుందేమో చూస్తారు. ముప్పై, నలభై ఏళ్ళవాళ్ళకి అది మంచి పరీక్ష. ముట్లు ఆగాక ఆ చూడాల్సిన చోటు లోపలికి పోతుంది, కంటికి కనపడదు. యాభై దాటినవాళ్ళకి "బాగుంది" అని వస్తే అది నిజంగా బాగున్నట్టు కాదు. వీలుంటే ఆ కాన్సర్ తెచ్చే వైరస్ ఉందేమో చూసే హెచ్‌పీవీ పరీక్ష మేలు. పైగా గర్భసంచి లోపలి పొర గురించి ఈ రెండూ ఏమీ చెప్పవు. మరక కనిపించిన మనిషి "నాకు పరీక్ష అయింది, బాగుందన్నారు" అని ఇంట్లో కూర్చుంటే మనమే ఆలస్యం చేసినట్టు.

సిస్టరమ్మ

సరే డాక్టర్ గారూ. మరక ఉన్నవాళ్ళని నేరుగా మీ దగ్గరికే పంపిస్తాం. నెలసరి వస్తున్నవాళ్ళ డబ్బాకి మాత్రం నా మాట నిలబడుతుంది కదా.

డాక్టరమ్మ_విజయనగరం

నిలబడుతుంది :)

జీడిపిక్క_పలాస

మరి నా ఆవిర్లకి మందు లేదా?

డాక్టరమ్మ_విజయనగరం

ఉంది. హార్మోన్ మాత్ర, లేదా చర్మం మీద రాసుకునే జెల్. ఆవిర్లకి దాన్ని మించిన మందు లేదు. అరవై లోపు ఉండి, ముట్లాగి పదేళ్ళు దాటనివాళ్ళకి, తగిన పరీక్షలు చేశాక ఇవ్వొచ్చు. గర్భసంచి ఉన్నవాళ్ళకి రెండు హార్మోన్లు కలిపి ఇవ్వాలి, ఒక్కటే ఇస్తే లోపలి పొర మందం అవుతుంది. రొమ్ము కాన్సర్ వచ్చినవాళ్ళు, కాళ్ళలో రక్తం గడ్డకట్టినవాళ్ళు, పక్షవాతం వచ్చినవాళ్ళు, కారణం తెలియని మరక ఉన్నవాళ్ళు వాడకూడదు. హార్మోన్ వద్దనుకుంటే వేరే మాత్రలు కూడా ఉన్నాయి, పని కొంచెం తక్కువ.

కింద పొడిబారడం, మంట, మూత్రం మాటిమాటికీ మండటం ఉంటే దానికి మాత్ర కూడా అక్కర్లేదు. అక్కడే రాసుకునే హార్మోన్ క్రీము చాలు. ఒంట్లోకి చాలా కొద్దిగా వెళ్తుంది. "భర్త దగ్గరకి వెళ్ళాలంటే నొప్పి, వద్దంటే గొడవ" అని నా దగ్గర ఏడ్చినవాళ్ళు ఎంతమందో. ఈ ఒక్క క్రీము గురించి వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

పద్మ_పొందూరు

హార్మోన్ అంటే కాన్సర్ కదండీ? ఎన్నో ఏళ్ళ నుంచి పేపర్లలో చూస్తున్నాం.

డాక్టరమ్మ_విజయనగరం

2002లో అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనం తరవాత ఆ భయం మొదలైంది. అందులో రెండు హార్మోన్లు కలిపి వాడినవాళ్ళకి రొమ్ము కాన్సర్ కొద్దిగా పెరిగింది, అది నిజం. కానీ అందులో ఉన్నవాళ్ళ సగటు వయసు 63. గర్భసంచి లేక ఒకే హార్మోన్ వాడినవాళ్ళకి పెరగలేదు. కాబట్టి "కాన్సర్" అన్న ఒక్క మాటతో తీసెయ్యకండి, ఎవరికి, ఎంతకాలం అన్నది చూడాలి.

సిస్టరమ్మ

మీరు చెప్పేది నిజమే డాక్టర్ గారూ, కానీ మీటింగ్‌లో హార్మోన్ మాత్ర పేరు ఎత్తొద్దనే నా అభిప్రాయం. మన ఊళ్ళలో పేరు తెలిస్తే చాలు, మర్నాడు మెడికల్ షాపులో అడుగుతారు, వాడు ఇచ్చేస్తాడు. ఒకరికి తగ్గితే ఆ అట్ట పక్కింటికి వెళ్తుంది. మరక ఉన్న మనిషి అది వేసుకుంటే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

డాక్టరమ్మ_విజయనగరం

చెప్పకపోతే ఏడేళ్ళు నిద్ర లేకుండా ఓర్చుకోవాల్సిందేనని నమ్ముతారు. మందు ఉందని చెప్పండి, పేరు చెప్పకండి.

సిస్టరమ్మ

మందు ఉందంటే పేరు అడక్కుండా ఊరుకుంటారా?

నాగావళి

(మూడు వారాల తరవాత)

మీటింగ్ నిన్న అయింది. ప్రెసిడెంటమ్మ లెక్కలకి ఎక్కువ టైము తీసుకుంది, నాకు ఇరవై నిమిషాలే దొరికింది. మగవాళ్ళని వసారాలోంచి పంపించడానికే కాస్త గొడవ. ఒక తాత "మా ఇంటి సంగతులు నాకు తెలియకూడదా" అని కూర్చున్నాడు. చివరికి ఆయన భార్యే పంపించింది.

పిక్కలు లెక్కపెడితే 43. ఇంకా వస్తున్నవాళ్ళు 8 మంది, ఆగిపోయినవాళ్ళు 23, ఆపరేషన్ అయినవాళ్ళు 12. అది చూసి నేను రాసుకెళ్ళిన కాగితం మడిచి పెట్టేశాను. మొదట ఆ 12 మంది గురించే చెప్పాను. టి.ఏ.హెచ్, బి.ఎస్.ఓ అని బోర్డు మీద రాస్తే ఒక వదిన "నాది నలభై లోపే చేశారు, ఆరోజు నుంచి రాత్రుళ్ళు నిద్ర లేదు, అందరూ నన్ను కోపిష్టిదని అన్నారు" అని అందరి ముందే చెప్పింది. ఆమె కోడలు తల దించుకుంది. తరవాత ఇంక నన్ను మాట్లాడనివ్వలేదు, వాళ్ళే మాట్లాడుకున్నారు. ఇస్త్రీపెట్టె బాగా పనిచేసింది. స్కాన్ కర్ర సంగతి చెప్పినప్పుడు గట్టిగా నవ్వారు, నవ్వాక అడిగారు. తొడుగు కొత్తదేనా అని అందరికన్నా ఎక్కువమంది అడిగారు.

హార్మోన్ మందు సంగతి తేలక "ఆవిర్లకి మందు ఉంది, డాక్టర్ని అడగండి" అని ఒక్క వాక్యం చెప్పాను. సిస్టరమ్మ చెప్పినట్టే పేరు అడిగారు. తెలియదన్నాను.

ఇప్పుడు అసలు సంగతి. నాలుగో డబ్బాలో రెండు పిక్కలు ఉన్నాయి. ఒకరు మీటింగ్ అయ్యాక నా దగ్గరికి వచ్చారు, ఎల్లుండి విజయనగరం తీసుకెళ్తున్నాను. రెండోవాళ్ళు ఎవరో తెలియదు. ఎవరూ రాలేదు. ఇల్లిల్లూ తిరిగి అడగాలా? అడిగితే రహస్యం అన్న మాట పోతుంది. అడక్కపోతే ఆ మనిషి అలాగే ఉండిపోతుంది.

సిస్టరమ్మ

అడగొద్దు. ఒక్కసారి మాట తప్పితే ఇంకెప్పుడూ ఆ డబ్బాలో పిక్క పడదు. ఎల్లుండి వెళ్ళేటప్పుడు ఒక్కరినే తీసుకెళ్ళకు. బీపీ, షుగర్, కళ్ళు చూపించుకోవడానికి ఎవరొస్తారో రండి, ఆటో మాట్లాడాను అని సంఘంలో చెప్పు. ఆపరేషన్ కాగితాలు ఉన్నవాళ్ళు అవి కూడా తెచ్చుకోమను. అక్కడ ఓపీ చీటీ రాయించేటప్పుడు ఎవరు ఏ గదికి వెళ్ళారో పక్కవాళ్ళు చూడకుండా నువ్వు చూసుకో.

డాక్టరమ్మ_విజయనగరం

పొద్దున్న తొమ్మిదికల్లా రండి, స్కాన్ దగ్గర జనం పెరగకముందే అయిపోతుంది. షుగర్ ఉన్నవాళ్ళు పరగడుపున రాకండి, టిఫిన్ తిని, వేసుకునే మాత్రల అట్టలు సంచిలో పెట్టుకుని రమ్మనండి.

పద్మ_పొందూరు

నాగావళీ, ఈసారి కూడా ఎవరూ బయటపడకపోతే, వచ్చే మీటింగ్‌లో నాలుగో డబ్బా మళ్ళీ పెట్టు. మా అత్తయ్యగారిని నేను బుధవారం తీసుకెళ్తున్నాను. మొలలు కాదు.